సంగటికట్టెకు అడ్డం

చిమ్నీ అట్టపెట్టె ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకే దాని మీద చింతపండు బుట్ట వెలిసింది. తర్వాత రాగిపిండి డబ్బా చేరింది. ఆ డబ్బా మీద పాత పేపర్ల కట్ట. ఇంకొంచెం ఆలస్యమైతే పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టి ఇంట్లోనే ఉంచేసుకుంటారని నవనీతకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెట్టెలో ఉన్నది అలంకారం సామాను కాదు. అది తన ఊపిరి.

నవనీతది కుప్పం. పుంగనూరుకు కోడలుగా వచ్చినప్పుడు ఆమెకు ఏ జబ్బూ లేదు. కూతురు దీపిక పుట్టిన తర్వాత పట్టుకుంది ఉబ్బసం. అత్త బయ్యమ్మ సంగటిలోకి ఊరుబిండి నూరడానికి ఎండుమిరపకాయలు వేయించడం మొదలుపెడితే చాలు, నవనీత గొంతులో పిల్లనగ్రోవి మోగేది. పోయిన చలికాలం మరీ ముదిరి, కూతుర్ని బడి కోసం ఇక్కడే వదిలేసి తాను కుప్పంలో అమ్మగారింట్లో పడి ఉండాల్సి వచ్చింది. ఫోనులో దీపిక "అమ్మా, ఎప్పుడొస్తావు" అని అడిగినప్పుడల్లా నవనీత ఏడ్చేది. మదనపల్లె డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. "పొగ పోయే దారి చూసుకోండమ్మా. లేకుంటే ఈ చలికాలమూ అంతే."

అందుకని భర్త గిరీష్ చిమ్నీ కొన్నాడు. కొనడం వరకు గిరీష్ చాలా చురుకైన మనిషి. విత్తనాల కొట్టు నడిపేవాడు కదా, సరుకు దించుకోవడం తెలుసు. దించుకున్న సరుకు వాడుకలోకి రావాలంటే ఇంకా ఏదో చెయ్యాలన్న సంగతే అతనికి తట్టదు.

"చిమ్నీ అంటే లాంతరుకుండే గాజు గదప్పా," అంది బయ్యమ్మ పెట్టెను చూసి. "కరెంటు ఉండంగా లాంతరు యాలరా?"

"ఇది పొగ పీల్చేదమ్మా. గోడకు తగిలిస్తారు."

"పొగ పీల్చేది మీ నాయనుండె గదా. ఇంగోటి యాల?"

బీడీల మనిషి మామగారు పోయి చాలా ఏళ్ళయింది. నవనీతకు నవ్వొచ్చింది, కానీ నవ్వితే దగ్గు వస్తుందని ఆపుకుంది.

బిగించే మనిషి మదనపల్లెలో ఉన్నాడు. పేరు మునిరత్నం. చిమ్నీలు అప్పుడప్పుడే ఈ పక్కకు వస్తున్న రోజులవి. చుట్టుపక్కల వాటిని గోడకెక్కించడం తెలిసింది ఆయనొక్కడికే. అందువల్ల ఆయన సెల్‌ఫోనులో ఎప్పుడు చూసినా ఒకే మాట. "వస్తాండాను తల్లీ, దావలో ఉండాను." ఎన్ని వారాలైనా ఆ దావ తరగలేదు. నవనీత ఒకసారి, "అన్నా, మదనపల్లె నుంచి పుంగనూరుకు కాశీ మీదుగా వస్తాండావా?" అని అడిగేసింది. ఆ మాట తగిలిందో ఏమో, మరుసటి వారం నిజంగానే వచ్చాడు.

వచ్చాక మాత్రం పని తెలిసిన మనిషే. ముందు పొయ్యి దగ్గర నిలబడి చుట్టూ చూశాడు. పైన పాత ఎగ్జాస్ట్ ఫ్యాను తీసేసిన బొక్క ఉంది. "ఇది సాలు. గొట్టం దీంట్లోంచి బయటికి తీస్తాం. కొత్తగా గోడ పగలగొట్టే పని ల్యా," అన్నాడు. గ్యాసు పొయ్యిని గట్టు మీద దాని చోట్లోనే ఉంచమన్నాడు. గిరీష్ అడ్డం తీస్తానంటే వద్దన్నాడు.

"కొలత గట్టు మీద నుంచి కాదప్పా, పొయ్యి మీద గిన్నె కూర్చునే కమ్మీల నుంచి. ఆడి నుంచి చిమ్నీ అడుక్కు ఇరవై ఆరు అంగుళాలకు తగ్గకూడదు, ముప్పైకి మించకూడదు. తగ్గితే సెగ కొడతాది, నూనెకు మంట అంటుకునే బయముంటాది. మించితే పొగ పక్కకు పోతాది. మనం ఇరవై ఎనిమిది పెడతాం."

రెండు మంటల మధ్యకు సరిగ్గా గోడ మీద నిలువు గీత గీశాడు. బ్రాకెట్ వచ్చే చోట అడ్డగీత. అడ్డగీత మీద రసమట్టం పెట్టి, లోపలి బుడగ నడిమికి వచ్చేదాకా అటూ ఇటూ కదిపాడు. గీత చూసిన గిరీష్ మూతి ముడిచాడు.

"వంకరగా ఉండాది గదన్నా. టైల్స్ గీత చూడు, ఎట్లా పోతాండాదో."

"టైల్స్ గీతే వంకరప్పా. సింకు దిక్కు నీళ్ళు పోవాలని మేస్త్రీ గట్టుకు వాటం ఇచ్చినాడు. గట్టు మీది నుంచే టైల్స్ పేర్చుకుంటా పోయినాడు. దాన్ని పట్టుకుంటే చిమ్నీ గూడా వాలి, నూనె జిడ్డంతా ఒక మూలకు చేరి బొట్టుబొట్టుగా కూరలో పడతాది. నీకు కంటికి అందం కావల్నా, కూర కావల్నా?"

గిరీష్ కూరే కోరుకున్నాడు. టైల్ మీద డ్రిల్లు జారకుండా టేపు అంటించి, పెంకు దాటేదాకా దడదడలాడించకుండా మెల్లగా బెజ్జాలు వేశాడు మునిరత్నం. ప్లగ్గులు కొట్టి, బ్రాకెట్ బిగించి, మళ్ళీ రసమట్టం పెట్టి చూసి, గిరీష్ సాయంతో చిమ్నీని ఎత్తి తగిలించాడు. పైన మూతి దగ్గరి రేకు తలుపు గాలికి తెరుచుకుని మళ్ళీ తనంతట తాను పడుతోందా లేదా వేలితో నెట్టి చూశాడు. మెరిసే అల్యూమినియం గొట్టాన్ని ముడతలు లేకుండా సాగదీసి, ఒకే ఒక వంపుతో బొక్కలోకి తిప్పి, మూతికి క్లిప్పు బిగించి, దాని చుట్టూ వెండి రంగు టేపు చుట్టాడు. బయట వానజల్లు కొట్టకుండా రేకు మూత పెట్టాడు.

మీట నొక్కగానే చిమ్నీ బుస్సుమంది. మునిరత్నం ఊదొత్తి వెలిగించి పొయ్యి మీద పట్టుకున్నాడు. పొగ అటూ ఇటూ చూడకుండా నిటారుగా లోపలికి పోయింది. నవనీత మూకుడు పెట్టి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి, కావాలనే మాడ్చింది. ఘాటు రాలేదు. గొంతులో పిల్లనగ్రోవి మోగలేదు. అక్కడే గట్టుకు ఆనుకుని ఏడ్చేసింది. మునిరత్నం కంగారుపడి, "మిరపకాయ కోరు గొంతుకు తగిలిందేమో, గొట్టం యాడన్నా వదులుందా?" అని టేపంతా మళ్ళీ తడిమాడు.

ఆ సంతోషం మరుసటి మధ్యాహ్నం దాకా ఉంది.

మధ్యాహ్నం బయ్యమ్మ సంగటి చేస్తుంది. ఆ ఇంట్లో ఏ పని ఎవరు చేసినా చేయకపోయినా సంగటి మాత్రం బయ్యమ్మదే. కుండలో నూకలు ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో బెజ్జం చేసి, మూత పెట్టి, సన్నమంట మీద మగ్గనిచ్చి, ఆ తర్వాత కట్టెతో గెలుకుతుంది. ఊళ్ళో అందరూ కుండ నేల మీదికి దించి, రెండు పాదాలతో అదిమిపట్టి గెలుకుతారు. బయ్యమ్మ మాత్రం ఒకటి రెండేళ్ళుగా మంట ఆర్పి, కుండను పొయ్యి మీదే ఉంచి, నిలబడి గెలుకుతోంది. మోకాళ్ళ నొప్పులని అందరూ అనుకున్నారు. ఆమె అవునని అనలేదు, కాదనీ అనలేదు.

ఆమె సంగటికట్టె ఆమె చేతికంటే పొడవు. పెద్దపంజాణి పక్క పల్లెలో పుట్టింటివాళ్ళు చేలో చింతకొమ్మ కొట్టి, చెక్కి ఇచ్చిన కట్టె. రెండు చేతులూ కట్టె పైకొనకు పట్టి ఒంటి బరువంతా వేసి తిప్పిందంటే ఉండ అన్న మాటే ఉండదు. ఆ మధ్యాహ్నం ఆమె కట్టె దించి మొదటి చుట్టు తిప్పింది. ఠంగుమని కట్టె కొన చిమ్నీ అంచుకు తగిలింది. రెండోసారి తిప్పింది. మళ్ళీ ఠంగుమంది. మూడోసారి కోపంగా తిప్పింది. చిమ్నీ ఎడమ పక్కకు ఒరిగి, పైన గొట్టం మూతిలోంచి జారిపోయి, దానిలో ఇరుక్కున్న గోడ సున్నం అంతా సంగటి కుండలో రాలింది.

"ఓరి నీ చిమ్నీ పాడుగాను!" బయ్యమ్మ అరుపు వీధి చివరి దాకా వినపడింది. "నా సంగట్లో సున్నం! గెలికేదానికి ల్యాకుండా నెత్తిన ఈ ఇనప గంప యాల పెట్టినార్రా?"

గిరీష్ కొట్టు నుంచి వచ్చేసరికి ఇంట్లో యుద్ధం ఒక కొలిక్కి రాలేదు. నవనీత మర్యాదగానే మొదలుపెట్టింది. "అత్తా, అందరి మాదిరి కుండ దించి గెలికితే సరిపోతాది గదా?"

"నేను దించను."

"పోనీ పొయ్యి మీది నుంచి గట్టు మీదికి జరిపి..."

"జరపను. నా పొయ్యి మీద నేను గెలుక్కుంటా. అడ్డమొచ్చింది నేను కాదు, అది."

"కట్టె కొంచెం కోసుకుంటే?"

అనకూడని మాట అని నోరు జారిన తర్వాత తెలిసింది. బయ్యమ్మ కట్టెను చంకలో పెట్టుకుని దేవుడి గదిలోకి పోయి కూర్చుంది. ఆ పూట అందరికీ బజారు ఇడ్లీలే గతి అయ్యాయి. గిరీష్ ఇడ్లీ నములుతూ తీర్పు చెప్పాడు. చిమ్నీ పైకి జరిపితే ఇద్దరికీ సరిపోతుందట. ఇద్దరికీ సరిపోయే తీర్పులన్నీ ఒకరి గొంతు మీదే కూర్చుంటాయని నవనీతకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు. అయినా అప్పటికి ఓపిక లేక ఊరుకుంది.

మునిరత్నం ఈసారి దావలో ఎక్కువ రోజులు లేడు, కానీ మొహం మాడ్చుకుని వచ్చాడు. "మూడున్నర అడుగుల పైకి పెడితే అది చిమ్నీ కాదప్పా, అటక," అన్నాడు. "పొగ దాని దాకా పోయేలోపలే పక్కలకు పోతాది. మల్లా నన్ను అనగూడదు."

"నువ్వు పెట్టన్నా, చూద్దాం," అన్నాడు గిరీష్.

కొత్త బెజ్జాలు, కొత్త ప్లగ్గులు. మళ్ళీ రసమట్టం. పాత బెజ్జాలు టైల్స్ మీద నల్లగా కళ్ళు తెరుచుకుని మిగిలాయి. చిమ్నీ పైకి పోయేసరికి గొట్టానికి చోటు చాలలేదు. మడతలు పడి బొక్క దగ్గర ముద్దలాగా కూర్చుంది. "ఇట్లుంటే గాలి ఆడదు, సప్పుడు గూడా," అని మునిరత్నం మిగిలిన ముక్క కత్తిరించి పారేశాడు. కత్తెర పడుతుంటే నవనీత అడ్డుపడబోయి ఆగిపోయింది.

బయ్యమ్మ మాత్రం కట్టెతో వచ్చి, గాలిలోనే గెలికి చూసి, ఎక్కడా తగలలేదని తల పంకించింది. "ఇప్పుడు బాగుండాది," అంది.

బాగున్నది ఆమెకే. చలి మొదలైంది. మిరపకాయలు వేగితే పొగ చిమ్నీ అడుగు దాకా పోయినట్టే పోయి, అంచు దగ్గర చీలి, గోడ వెంబడి పాకి, హాల్లోకి వచ్చి నవనీత ముక్కు వెతుక్కునేది. చిమ్నీ పైన బుస్సుమంటూనే ఉండేది. చేతకాని మనిషి అరుపుల్లాగా ఆ చప్పుడు వింటుంటే ఆమెకు దాన్ని పీకి వీధిలో వేయాలనిపించేది. ఒక ఉదయం దీపికకు జడ వేస్తూ వేస్తూ ఊపిరి అందక మంచం పట్టుకుని కూర్చుండిపోయింది. సగం అల్లిన జడతోనే పిల్ల నీళ్ళు తేవడానికి పరిగెత్తింది.

సాయంత్రం గిరీష్ నెమ్మదిగా అన్నాడు. "చలికాలం అయ్యేదాకా కుప్పంలో ఉండి రాకూడదా? మీ అమ్మ గూడా చూడాలంటాండాది."

నవనీత మొగుడి వైపు తిరిగింది. "నేను యాల పోవల్ల?" అంది. "పొగ పోవల్ల గాని నేను యాల పోవల్ల? మీ అమ్మ కట్టె పోదు, చిమ్నీ పోదు, పొయ్యి పోదు. ఈ ఇంట్లో కదిలించేదానికి వీలైంది నేనొక్కదాన్నేనా?"

గిరీష్ కొట్టు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మరునాడు ఎవరికీ చెప్పకుండా నవనీత మదనపల్లె బస్సెక్కింది. బస్సులో బీడీ కాల్చేవాడిని కిటికీ పక్కకు తోలి, మునిరత్నం కూర్చునే కరెంటు సామాన్ల కొట్టు వెతుక్కుంటూ పోయింది. ఆయన ఒక పాత మిక్సీని విప్పుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఇరవై ఎనిమిదికి మల్లా దించు."

"మీ అత్త ఒప్పుకునిందా?"

"లేదు."

"అట్లైతే నాకు వద్దు తల్లీ. ఒక గోడకు ఎన్నిసార్లని తూట్లు పెట్టేది? మీరు మీరు తేల్చుకోండి ముందు. ఆ గొట్టం గూడా ఇప్పుడు చాలదు, కోసేస్తిమి గదా. అతుకు పెడితే అతుకు కాడ జిడ్డు కారతాది. కొత్తది కావల్ల."

"కొత్తది ఇయ్యి. నేనే తీసుకుపోతా."

ఆమె ఎంత గట్టిగా అందో, అంత గట్టిగా దగ్గు వచ్చింది. బల్ల పట్టుకుని వంగిపోయి, ఆ ఈల వేసే ఊపిరిని లోపలికీ బయటికీ లాగుతుంటే మునిరత్నం చేతిలో స్క్రూడ్రైవరు అట్లాగే ఉండిపోయింది. ఆమెకు మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది. దగ్గు చూపించి పని చేయించుకున్నట్టు అయిందని సిగ్గేసింది కూడా.

"రేపు వస్తా," అన్నాడు ఆయన. "ఈసారి దావలో ఉండాననేది ల్యా. గొట్టం నేనే తెస్తా."

నిజంగానే వచ్చాడు. వచ్చిన వేళ మాత్రం సరిగ్గా సంగటి మగ్గుతున్న వేళ. బయ్యమ్మ అప్పుడే మంట ఆర్పి, కట్టె చేతికి తీసుకుంటోంది. చంకన గొట్టం చుట్ట, చేతిలో డ్రిల్లు పెట్టెతో మునిరత్నం వాకిట్లో కనపడగానే ఆమెకు అంతా అర్థమైపోయింది.

"దించేదానికి వచ్చినావా?"

"అవునమ్మా. దించాల్సిందే. ఆ పిల్ల ఊపిరి చూస్తిని నేను. మీరు ఆ కుండ కొంచెం దించితే నేను మొదలుపెడతా. సున్నం పడతాది మల్లా."

"గెలికేంత వరకు ఆగు."

"ఆగుతా. దించి గెలుక్కోండమ్మా, అందరి మాదిరి. మా ఇంట్లో గూడా అంతే గదా."

"దించనంటిని గదా!"

"అత్తా!" నవనీత గొంతు తనకే కొత్తగా వినపడింది. ఇన్నాళ్ళ విసుగు, కుప్పం బస్సు, సగం అల్లిన జడ అన్నీ ఆ అరుపులోకి వచ్చేశాయి. "ఒక్క కుండ దించేదానికి నీకేం అడ్డం? నా పానం కంటే నీకు ఆ పంతం ఎక్కువైపాయనా? నేను సచ్చినా గూడా నువ్వు నిలబడే గెలుకుతావా?"

మునిరత్నం చూపు నేల మీదికి పోయింది. బయ్యమ్మ కట్టెను గోడకు ఆనించి, మసిగుడ్డ తీసుకుని, "ఇంద సూడు, దించుతాండాను," అని కుండ అంచులు రెండు పక్కలా పట్టుకుంది.

ఎత్తింది. కుడి పక్క లేచింది. ఎడమ పక్క లేవలేదు. ఎడమ మణికట్టు దగ్గర చెయ్యి పక్కకు మడతపడిపోయింది. కుండ ఒరిగి, మూత జారి, పొగలు కక్కుతున్న పిండి అంచు దాకా వచ్చింది. నవనీత ఒక్క దూకులో చీరకొంగు పట్టి కుండను అడుగు నుంచి అందుకుంది. వేళ్ళు చుర్రుమన్నాయి. వదల్లేదు. కుండను గట్టు మీద, చిమ్నీ కింద కాకుండా కిటికీ పక్కకు తెచ్చి దించింది.

బయ్యమ్మ తన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని నిలబడింది. దొంగతనం పట్టుబడినట్టు ఉంది ఆమె మొహం.

రెండేళ్ళ కిందట ఆమె మిద్దె మెట్ల మీద పడింది. ఎడమ మణికట్టు విరిగితే, ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వచ్చింది. చేలో చెనక్కాయలు పీకే పని మీద ఉండగా ఆ కట్టుతో విసిగి, చెప్పిన రోజులు నిండక ముందే కొడవలితో తానే కోసి పారేసింది. అందరికీ తెలిసింది అంతే. బాగైపోయిందనే అందరూ అనుకున్నారు. ఆమే చెప్పింది అట్లా.

"పట్టు ల్యా," అంది బయ్యమ్మ ఎటో చూస్తూ. "కట్టె పట్టుకుంటే కుడి సెయ్యి లాగతాది, ఇది ఊరికే తోడుంటాది. బరువెత్తితే మాత్రం వంగిపోతాది. అప్పటి నుంచీ అంతే."

"మాకు చెప్పల్ల గదా అత్తా!"

"సెప్తే? కూర్చో అంటారు. నీకు యాలమ్మా పని అంటారు. సంగటి గూడా నీ సేతికి పోతాది. కుప్పం పక్క బియ్యం తినే పిల్లవి, ఉండలు కట్టిస్తావు." ఇది అంటున్నప్పుడు కూడా ఆమె గొంతులో కోపమే ఉంది. కానీ కళ్ళలో నీళ్ళు ఆ కోపానికి సంబంధం లేకుండా కారుతున్నాయి. "నాకు ఈ ఇంట్లో ఉండేది అదొక్కటే గదా."

నవనీత కాలిన వేళ్ళు కుళాయి కింద పెట్టింది. జాలి వచ్చింది. దానికంటే ముందు కోపం వచ్చింది. ఈ మాట చెప్పనందుకు తాను చలి మొదలైనప్పటి నుంచీ పొగ మింగింది, ఒక గోడ జల్లెడ అయింది. ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"అత్తా," అంది చివరికి వెనక్కి తిరక్కుండానే. "ఆరిపోతాది. గెలుకు."

బయ్యమ్మ కుండ వైపు చూసింది. కిటికీ పక్కన గట్టు మీద కుండ, దాని మీద ఇంటి కప్పు దాకా అడ్డం లేదు. కట్టె తీసుకుంది. నవనీత తడి చేతికి మసిగుడ్డ చుట్టుకుని కుండ అంచు పట్టుకుంది, జరక్కుండా. బయ్యమ్మ ఒంటి బరువంతా వేసి తిప్పింది. ఠంగుమని ఎక్కడా వినపడలేదు.

మునిరత్నం ఎవరి మొహమూ చూడకుండా నిచ్చెన వేసుకున్నాడు. చిమ్నీని పాత చోటికే దించాలనుకున్నాడు, కానీ మొదటిరోజు కట్టె దెబ్బకు ఎడమ ప్లగ్గు బెజ్జం గుల్లబారిపోయింది. ఒక అంగుళం పైకి జరిపి, ఇరవై తొమ్మిది దగ్గర గట్టి చోటు చూసి కొత్త బెజ్జాలు వేశాడు. ఆ పాతవన్నీ చిమ్నీ ఒంటి వెనక దాక్కున్నాయి. పైన మూడున్నర అడుగుల నాటివి మాత్రం బయటే మిగిలితే తెల్లసిమెంటుతో పూడ్చాడు. బుడగ నడిమికి వచ్చిందని చూపించి, కొత్త గొట్టం సాగదీసి, ఒకే వంపుతో బయటికి తీసి, టేపు చుట్టాడు. సాయంత్రం కొట్టు నుంచి వచ్చిన గిరీష్ టైల్స్ గీత వంక చూసి, ఏదో అనబోయి, పెళ్ళాం మొహం చూసి మానుకున్నాడు.

ఆ చలికాలం నవనీత కుప్పం పోలేదు.

హాయిగా ఉందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. రోజూ మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేస్తున్నా, ఫోనులో ఉన్నా, కన్ను మూతపడుతున్నా, వంటింట్లోంచి ఒక కేక. "నవనీతా, దించు!" పోయి కుండ ఎత్తి, కిటికీ పక్కన దించి, గెలికినంతసేపూ అంచు పట్టుకుని నిలబడాలి. ఆలస్యమైతే రెండో కేక ఇంకొంచెం పెద్దగా వస్తుంది. ఊపిరి ఆడుతోంది కాబట్టి ఇప్పుడు ఆమె తిరిగి అరవగలుగుతోంది కూడా. "వస్తాండాను, దావలో ఉండాను!" అని మునిరత్నం గొంతుతో అరుస్తుంది.

ఉగాది ముందు చిమ్నీ జల్లెడలు కడిగేది చూపించడానికి మునిరత్నం వచ్చాడు. చిమ్నీ అంచు తడిమి చూశాడు. కొత్త సొట్ట ఒక్కటి కూడా లేదు. బ్రాకెట్ మీద రసమట్టం పెట్టాడు. బుడగ నడిమిలోనే ఉంది. మూలనున్న సంగటికట్టె వంక చూసి, "కట్టె కోసేసినారామ్మా?" అని అడిగాడు.

బయ్యమ్మ ఆయన్ని తెలివి తక్కువవాడిని చూసినట్టు చూసింది.

"కట్టె యాల కోస్తామప్పా?" అంది. "మనిషుండాది గదా, దించేదానికి."